జీతం ఆగిందా? కాంట్రాక్టు అయ్యేదాకా ఆగొద్దు!

ఓడెక్కి అయిదు నెలలైంది. మొదటి రెండు నెలలు జీతం టంచనుగా ఇంటి ఖాతాలో పడింది. మూడో నెల పడలేదు. అడిగితే 'కంపెనీకి బ్యాంకులో ఏదో సమస్యట, వచ్చే నెల కలిపి వేస్తార్లే' అన్నాడు కెప్టెన్. నాలుగో నెల సగమే వచ్చింది. అయిదో నెల అదీ లేదు. శిక్షణ కోసం తెచ్చిన అప్పుకు వడ్డీ కట్టాలిరా అని ఇంటి నుంచి అమ్మ ఫోన్. గట్టిగా అడిగితే సీడీసీ మీద ఏం రాస్తారో, మళ్లీ ఓడ దొరుకుతుందో లేదోనని లోపల భయం.

ఈ పరిస్థితిలో చాలామంది చేసేది ఒకటే. 'ఇంకో నాలుగు నెలలు ఓపిక పడితే కాంట్రాక్టు అయిపోతుంది, దిగేటప్పుడు మొత్తం తీసుకోవచ్చు' అనుకుంటారు. మర్చంట్ నేవీలోకి వెళ్లే కుర్రాళ్లు ముందుగా తెలుసుకోవాల్సింది ఇక్కడే ఉంది. ఆ ఓపికే మీ డబ్బు పోవడానికి మొదటి కారణం కావచ్చు. ఎందుకంటే యజమాని చేతులెత్తేసినప్పుడు మీకు డబ్బిచ్చే బీమా ఒకటుంది. దానికి ఒక పరిమితీ ఉంది. ఆ పరిమితి ఎంతో, దాన్ని ఎప్పుడు, ఎలా అడగాలో తెలియక చాలామంది నష్టపోతున్నారు.

ఇది ఎక్కడో ఒకరిద్దరికి ఎదురయ్యే కష్టం కాదు. అంతర్జాతీయ రవాణా కార్మికుల సమాఖ్య (ఐటీఎఫ్) లెక్కల ప్రకారం 2024లో 312 ఓడలను యజమానులు గాలికొదిలేశారు. వాటిలో చిక్కుకున్న నావికులు 3,133 మంది. అందులో ఎక్కువ మంది మన దేశం వాళ్లే: 899 మంది.

మీకు అండ ఏ చట్టం?

ఓడల్లో పనిచేసేవారి హక్కులన్నిటికీ మూలం 'మారిటైమ్ లేబర్ కన్వెన్షన్, 2006'. ఓడల మీద దీన్ని ఎంఎల్‌సీ అంటారు. అంతర్జాతీయ కార్మిక సంస్థ (ఐఎల్‌ఓ) తెచ్చిన ఈ ఒప్పందం 2013 ఆగస్టు నుంచి అమల్లో ఉంది. భారత్ 2015లో ఆమోదించింది. ఓడ మీద ఏ దేశం జెండా ఉందో ఆ దేశం దీన్ని అమలు చేయాలి. ఆ దేశం ఒప్పందంలో లేకపోయినా, చేరిన దేశపు రేవులోకి ఓడ వచ్చినప్పుడు అక్కడి అధికారులు ఇవే నిబంధనలతో తనిఖీ చేయొచ్చు. అయితే చేపల వేట పడవలకు, సంప్రదాయ పద్ధతిలో కట్టిన ధోలకు ఇది వర్తించదు. గల్ఫ్‌లో 'షిప్ జాబ్' అని చెప్పి ధో మీదకు ఎక్కిస్తే, కింద చెప్పే రక్షణల్లో చాలావరకు మీకు ఉండవు.

ఎంఎల్‌సీ ప్రకారం మీకు, యజమానికి మధ్య రాతపూర్వక ఉద్యోగ ఒప్పందం ఉండాలి. సంతకం చేసిన ప్రతి ఒకటి మీ దగ్గర ఉండాలి. జీతం నెలకు మించని వ్యవధిలో చెల్లించాలి. ప్రతి నెలా లెక్కల చీటీ ఇవ్వాలి. అందులో మూల వేతనం, ఓవర్‌టైమ్, కోతలు, ఇంటికి పంపిన మొత్తం విడివిడిగా కనిపించాలి. ఒప్పందాన్ని, ప్రతి నెలా ఆ చీటీని ఫొటో తీసి ఇంటికి పంపండి. రేపు డబ్బు అడగాల్సివస్తే ముందు అడిగేది ఈ కాగితాలనే.

విశ్రాంతి షీటుకూ జీతానికీ లంకె

జీతం ఆగే ఓడల్లో తరచుగా ముందు కనిపించే లక్షణం మనుషుల కొరత. దిగిపోయిన వాళ్ల బదులు కొత్తవాళ్లు రారు. ఉన్నవాళ్ల మీదే పని పడుతుంది. అందుకే విశ్రాంతి గంటల నిబంధన తెలిసి ఉండాలి.

ఏ 24 గంటలు తీసుకున్నా కనీసం 10 గంటల విశ్రాంతి ఉండాలి. ఏ ఏడు రోజులు తీసుకున్నా కనీసం 77 గంటలు ఉండాలి. రోజులోని ఆ 10 గంటలను రెండు ముక్కలకు మించి చేయకూడదు. ఒక ముక్కయినా ఆరు గంటలకు తగ్గకూడదు. యూనియన్‌తో చేసుకున్న సామూహిక ఒప్పందాల్లో కొన్ని మినహాయింపులు ఉంటాయి. ఓడకో, మనుషులకో ప్రమాదం ముంచుకొస్తే కెప్టెన్ ఎవరినైనా ఎంతసేపైనా పిలవొచ్చు. కానీ ఆ తర్వాత పోయిన విశ్రాంతి తిరిగి ఇవ్వాలి.

ఒక రోజు లెక్క చూద్దాం. అర్ధరాత్రి 12 నుంచి 4 దాకా వాచ్. 6 నుంచి 10 దాకా హోల్డ్ శుభ్రం చేసే పని. మధ్యాహ్నం 12 నుంచి 4 దాకా మళ్లీ వాచ్. వెంటనే ఓడ రేవుకు చేరడంతో 7 దాకా తాళ్లు కట్టే పని. మొత్తం పని 15 గంటలు. మిగిలిన విశ్రాంతి 9 గంటలు. అదీ రెండు, రెండు, అయిదు గంటల చొప్పున మూడు ముక్కలు. ఒక్క రోజులో మూడు ఉల్లంఘనలు: పది గంటలు లేవు, ముక్కలు రెండు దాటాయి, ఆరు గంటల ముక్క లేదు.

నెలాఖరున మీ ముందుకొచ్చే షీటులో మాత్రం 'విశ్రాంతి 12 గంటలు' అని ఉంటుంది. సంతకం పెట్టమంటారు. పెడితే రెండు విధాలుగా నష్టం. అలసటతో ప్రమాదం జరిగితే మీరు బాగా విశ్రాంతి తీసుకున్నట్లు మీ సంతకమే చెబుతుంది. రెండోది డబ్బు. ఒప్పందంలో గంటల లెక్కన ఓవర్‌టైమ్ ఉంటే, మీరు అదనంగా పనిచేశారనడానికి ఆ షీటే ఆధారం. అందుకే చిన్న నోట్‌బుక్‌లో రోజూ మీ గంటలు మీరే రాసుకోండి. తారీఖు, రేవు పేరు, చేసిన పని చాలు. షీటు మీద మీ సంతకంతో ఒక ప్రతి మీకివ్వాలన్నది నిబంధన. అడిగి తీసుకోండి.

రెండు నెలలు.. నాలుగు నెలలు

ఇప్పుడు అసలు విషయం. ఎంఎల్‌సీకి చేసిన సవరణలు 2017 జనవరి 18 నుంచి అమల్లోకి వచ్చాయి. నావికులను యజమాని వదిలేస్తే ఆదుకునేందుకు ప్రతి ఓడకూ ఆర్థిక భద్రత, అంటే బీమా, ఉండాలని అవి చెబుతున్నాయి. సాధారణంగా దీన్ని ఓడల బీమా సంస్థలైన 'పీ అండ్ ఐ క్లబ్'లు ఇస్తాయి. ఆ సర్టిఫికెట్‌ను ఓడలో అందరికీ కనిపించే చోట అంటించాలి. చాలా ఓడల్లో మెస్ రూమ్ బయట నోటీసు బోర్డు మీద ఉంటుంది. రోజూ దాని పక్క నుంచే భోజనానికి వెళ్తుంటారు కానీ చదివేవాళ్లు తక్కువ.

మిమ్మల్ని 'వదిలేసినట్లు' ఎప్పుడు లెక్క? మూడు సందర్భాలున్నాయి. ఇంటికి పంపే ఖర్చు యజమాని భరించకపోతే ఒకటి. తిండి, నీళ్లు, ఇంధనం, వైద్యం లాంటివి అందించకుండా వదిలేస్తే రెండోది. మీతో సంబంధం తెంచుకుంటే మూడోది. కనీసం రెండు నెలల కాంట్రాక్టు జీతం చెల్లించకపోవడం కూడా ఈ మూడో దాని కిందికే వస్తుంది. మూడింటిలో ఏ ఒక్కటి ఉన్నా చాలు.

అప్పుడు బీమా ఏమిస్తుంది? మీరు ఇల్లు చేరేదాకా తిండి, వసతి, వైద్యం లాంటి అవసరాలు చూడాలి. ఇంటికి ప్రయాణ ఖర్చు పెట్టుకోవాలి. బకాయి జీతం ఇవ్వాలి. కానీ నాలుగు నెలల జీతం వరకే. ఆపైన ఎంత బకాయి ఉన్నా బీమా బాధ్యత లేదు.

మొదట్లో చెప్పుకున్న కుర్రాడి లెక్కే తీసుకుందాం. జీతం నెలకు 600 డాలర్లు, తొమ్మిది నెలల కాంట్రాక్టు, జనవరి 1న ఓడెక్కాడు అనుకుందాం. మార్చి జీతం 600 రాలేదు. ఏప్రిల్‌లో 300 తక్కువ వచ్చింది. ఏప్రిల్ ఆఖరుకు బకాయి 900, అంటే నెలన్నర. మే జీతం కూడా రాకపోయేసరికి బకాయి 1,500 డాలర్లయింది. అంటే రెండున్నర నెలలు. రెండు నెలల గీత దాటేశాడు. జూన్ మొదట్లోనే అడిగితే ఆ 1,500 మొత్తం బీమా పరిధిలోనే ఉంది. ఇంటికి చేరేసరికి ఇంకో నెల పట్టినా 2,100. అదీ నాలుగు నెలల జీతమైన 2,400కు లోపే.

ఇప్పుడు అదే కుర్రాడు సెప్టెంబరు ఆఖరు దాకా ఓపిక పట్టాడనుకోండి. జూన్ నుంచి నాలుగు నెలలు కలిపితే బకాయి 3,900 డాలర్లవుతుంది. బీమా ఇచ్చేది 2,400. మిగతా 1,500 కోసం ఓడ మీద కేసు వేయాలి. అదనంగా నాలుగు నెలలు పనిచేసి సంపాదించింది ఆ కేసు కాగితాలు. పైగా ఇలాంటి యజమాని బీమా ప్రీమియం కూడా కట్టడు. బీమా సంస్థ రద్దు చేయాలంటే జెండా దేశానికి కనీసం 30 రోజుల ముందు నోటీసివ్వాలి. ఆ తర్వాత రక్షణ ఉండదు. ఆలస్యం చేస్తే అప్పటికి సర్టిఫికెటే చెల్లకపోవచ్చు.

ఎవరిని, ఏ వరుసలో అడగాలి?

మొదటి నెల జీతం ఆలస్యమైనప్పుడే రాతపూర్వకంగా అడగండి. ఓడలోనే ఫిర్యాదు చేసే పద్ధతి ప్రతి ఓడకూ ఉండాలి. ఆ కాగితం ఒప్పందంతో పాటు మీకివ్వాలి. ముందు మీ విభాగాధిపతికి, తర్వాత కెప్టెన్‌కు ఇవ్వొచ్చు. కావాలనుకుంటే నేరుగా కెప్టెన్‌కే ఇవ్వొచ్చు. తోడుగా ఒకరిని తీసుకెళ్లే హక్కుంది. ఫిర్యాదు చేసినందుకు వేధించడం నిషిద్ధం. ఉత్తరంలో కోపం వద్దు. పేరు, హోదా, ఓడ పేరు, ఐఎంఓ నంబరు, ఏ నెలకు ఎంత రావాలి, ఎంత వచ్చింది, ఎంత బాకీ అన్నవి చాలు. అందరూ కలిసి సంతకాలు చేస్తే ఇంకా మంచిది. అందుకున్నట్లు సంతకం తీసుకోండి. ఇవ్వకపోతే అదే ఉత్తరాన్ని కంపెనీకి ఈమెయిల్ చేయండి.

అదే సమయంలో మిమ్మల్ని పంపిన ఏజెంటుకు రాయండి. మన దేశంలో నావికులను పంపాలంటే డీజీ షిప్పింగ్ ఇచ్చే ఆర్‌పీఎస్‌ఎల్ లైసెన్సు ఉండాలి. లైసెన్సున్న ఏజెంటు 'అది ఓనర్ సంగతి, మాకు తెలీదు' అని తప్పుకోవడం కుదరదు. జవాబు రాకపోతే ముంబయిలోని డీజీ షిప్పింగ్‌కు ఫిర్యాదు పంపండి. మీ తరఫున ఇంట్లోవాళ్లు కూడా పంపొచ్చు. కాగితాల ఫొటోలు ముందే ఇంటికి పంపమన్నది ఇందుకే.

రెండు నెలల బకాయి పడగానే నోటీసు బోర్డు మీది సర్టిఫికెట్ ఫొటో తీయండి. అందులో బీమా సంస్థ పేరు, ఫోన్, ఈమెయిల్, గడువు ఉంటాయి. మీరే నేరుగా రాయొచ్చు. యజమాని అనుమతి అక్కర్లేదు. ఒప్పందం, జీతం చీటీలు, బకాయి పట్టిక జత చేయండి. ఇంగ్లిష్‌లో రాయడం కష్టమైతే ఐటీఎఫ్ ఇన్‌స్పెక్టర్ సాయం తీసుకోండి. ప్రపంచంలోని చాలా రేవుల్లో వాళ్లున్నారు. మీరు యూనియన్ సభ్యులు కాకపోయినా పలుకుతారు. మన దగ్గర నుసీ, ఎంయూఐ లాంటి యూనియన్లూ సాయం చేస్తాయి.

ఓడ రేవులో ఉంటే మరో బలమైన దారి ఉంది. ఆ దేశపు పోర్ట్ స్టేట్ కంట్రోల్ అధికారికి ఫిర్యాదు చేయడం. జీతాలివ్వకపోవడం, విశ్రాంతి ఇవ్వకపోవడం తీవ్రంగా ఉంటే ఆ అధికారి ఓడను కదలనివ్వకుండా ఆపగలడు. ఫిర్యాదు చేసినవారి పేరు గోప్యంగా ఉంచాలి. సరుకు దించుకుని ఓడ నడిసముద్రంలోకి వెళ్లిపోతే ఈ దారి మూసుకుపోతుంది. కాబట్టి రేవు చేరకముందే కాగితాలు సిద్ధంగా ఉంచుకోండి.

ఒక జాగ్రత్త. కోపంలో వాచ్ మానేయడం, ఇంజిన్ ఆపేయడం వద్దు. సముద్రంలో అది ఆజ్ఞ ధిక్కరణ కిందికి వస్తుంది. అంతదాకా మీవైపున్న కేసు మీ మీదకే తిరుగుతుంది.

ఇంటికి టికెట్ ఎవరిది?

కాంట్రాక్టు ముగిస్తే, జబ్బు చేస్తే, ఓడ మునిగిపోతే, యజమాని దివాలా తీస్తే, మీ ఒప్పుకోలు లేకుండా ఓడను యుద్ధ ప్రాంతానికి తీసుకెళ్తుంటే.. మిమ్మల్ని సొంత ఖర్చుతో ఇంటికి పంపాల్సింది యజమానే. ఓడ మీద ఏకబిగిన పన్నెండు నెలలు నిండకముందే దిగే హక్కు వస్తుంది. టికెట్ డబ్బు ముందే డిపాజిట్‌గా తీసుకోవడం, జీతంలో కోయడం తప్పు. మీవైపు తీవ్రమైన తప్పు రుజువైనప్పుడే దానికి మినహాయింపు. యజమాని పంపకపోతే జెండా దేశం పంపాలి. అదీ చేయకపోతే ఓడ ఉన్న దేశం గానీ, మన దేశం గానీ పంపించి ఖర్చు జెండా దేశం నుంచి రాబట్టుకోవచ్చు. విదేశంలో చిక్కుకుంటే మన రాయబార కార్యాలయానికి తెలియజేయాల్సింది ఇందుకే.

'జీతం తీసుకోకుండా దిగితే డబ్బు పోతుందేమో' అన్న భయం చాలామందిని ఓడకే కట్టిపడేస్తుంది. అది నిజం కాదు. దిగినా బకాయి మీద హక్కు పోదు. దిగే ముందు బకాయి ఎంతో కెప్టెన్ చేత రాయించి, సంతకం, ఓడ ముద్ర వేయించుకోండి.

అసలు చిక్కు మరోటుంది. లంగరు వేసిన ఓడలో కాపలాకు మనుషులుండాలని రేవు అధికారులు పట్టుబడతారు. అందరూ దిగిపోతుంటే చివరన మిగిలినవాళ్లకు అనుమతి దొరకదు. బహ్రెయిన్ జెండా ఉన్న 'ఎంవీ అమన్' సంగతే చూడండి. 2017 జులైలో ఈజిప్టులోని అదబియా రేవులో దాన్ని ఆపేశారు. కెప్టెన్ ఒడ్డున ఉండటంతో, సిరియాకు చెందిన చీఫ్ ఆఫీసర్‌ను ఓడకు చట్టబద్ధ సంరక్షకుడిగా అక్కడి కోర్టు నిర్ణయించింది. ఆ కాగితం మీద సంతకం పెట్టినప్పుడు దాని అర్థం ఆయనకు తెలియదు. తోటివాళ్లందరూ వెళ్లిపోయాక ఒంటరిగా ఆ ఓడలోనే ఉండిపోయాడు. బయటపడింది 2021 ఏప్రిల్‌లో.

అర్థం కాని భాషలో ఉన్న కాగితం మీద సంతకం పెట్టొద్దు. 'సంరక్షకుడు', 'కస్టోడియన్' అన్న మాట వినబడితే యూనియన్‌ను, రాయబార కార్యాలయాన్ని అడిగాకే పెన్ను పట్టండి. సగం డబ్బు చేతిలో పెట్టి 'మొత్తం ముట్టింది' అని రాయించుకునే పద్ధతి కూడా ఉంది. తీసుకోక తప్పకపోతే 'ఇంత ముట్టింది, ఇంకా ఇంత రావాలి' అని రాసి సంతకం చేయండి.

ఓడే హామీ

బీమా పోగా మిగిలిన డబ్బుకు ఆఖరి దారి కోర్టు. యజమాని ఏ దేశంలో దాక్కున్నా ఓడను మాత్రం దాచలేడు. నావికుడి జీతం బాకీ ఓడకే అంటుకుని ఉంటుంది. ఓడ అమ్ముడుపోయి యజమాని మారినా ఆ బాకీ వెంట వస్తుంది. మన దేశంలో 2017 నాటి అడ్మిరాల్టీ చట్టం కింద, ఓడ మన జలాల్లో ఉంటే దాన్ని అరెస్టు చేయించమని హైకోర్టును కోరవచ్చు. ఓడను అమ్మితే వచ్చే డబ్బులో మారిటైమ్ లియన్లు అనే ప్రాధాన్య బాకీల వరుసలో జీతాలది, ఇంటికి పంపే ఖర్చుది మొదటి స్థానం. ఓడను తాకట్టు పెట్టుకున్న బ్యాంకు వంతు ఆ తర్వాతే. అయితే గడువుంది. జీతం చెల్లించాల్సిన తేదీ నుంచి రెండేళ్లలోపు ఓడను అరెస్టు చేయించకపోతే ఈ ప్రాధాన్య హక్కు పోతుంది. ఓడ వేరే దేశంలో ఉంటే అక్కడి చట్టం వర్తిస్తుంది.

ఎక్కేముందు అరగంట

ఇవన్నీ ఓడెక్కాక చేయాల్సినవి. ఎక్కకముందు అరగంట వెచ్చిస్తే వీటిలో చాలావాటి అవసరమే రాదు. ఏజెంటు లైసెన్సు నంబరు dgshipping.gov.in లో ఉందో, ఇంకా చెల్లుతోందో చూడండి. ఉద్యోగం ఇప్పించినందుకు నావికుడి దగ్గర డబ్బు తీసుకోవడం ఎంఎల్‌సీ ప్రకారం నిషిద్ధం. లక్షలడిగే ఏజెంటుకు లైసెన్సు ఉండకపోవచ్చు. ఉన్నా, అలా అడగడమే అతని లైసెన్సుకు ఎసరు.

తర్వాత ఓడ ఐఎంఓ నంబరు అడగండి. ఏడంకెల ఈ నంబరు ఓడ పేరు మారినా, జెండా మారినా మారదు. equasis.org లో ఉచితంగా నమోదై ఆ నంబరు కొడితే ఓడ యజమాని ఎవరో, బీమా ఎవరిదో, ఏ రేవుల్లో ఎన్నిసార్లు ఆపేశారో కనిపిస్తుంది. నావికులను వదిలేసిన ఓడల జాబితా ఐఎల్‌ఓ వెబ్‌సైట్‌లో అందరికీ అందుబాటులో ఉంది. అందులోనూ వెతకండి. బీమా సంస్థ పేరు కనిపించకపోయినా, ఏజెంటు ఐఎంఓ నంబరు చెప్పడానికి నసిగినా ఆ ఓడ వదులుకోండి.

ఓడెక్కిన మొదటి రోజే నోటీసు బోర్డు దగ్గరకు వెళ్లి ఆ సర్టిఫికెట్ గడువు చదవండి. ఫొటో తీసి ఇంటికి పంపండి. మీ ఫోన్ క్యాలెండర్‌లో జీతం రావాల్సిన తేదీకి ఒక గుర్తు, దానికి సరిగ్గా రెండు నెలల తర్వాత ఇంకో గుర్తు పెట్టుకోండి. జీతం పడిన ప్రతిసారీ ఆ రెండో గుర్తును ముందుకు జరపండి. జరపాల్సిన అవసరం రాని నెల వచ్చిందంటే, ఉత్తరం రాయాల్సిన రోజు వచ్చినట్లే.